పరశురాముడు తాండూరు రాలేదు

పరశురాముడు తాండూరుకు ఎన్నడూ రాలేదు. ఈ సంగతి నాకు తెలిసినంత గట్టిగా ఈ ఊళ్ళో మరెవరికీ తెలియదు. ఎట్లా తెలుసో చెబుతాను. చెప్పినా నమ్మరని కూడా తెలుసు. నలభై మంది ముందు నిలబడి ఒకసారి చెప్పి చూశాను.

నాది రాతి మీద అక్షరాలు చెక్కే పని. శంకుస్థాపన రాళ్ళు, గుడిమెట్ల మీద దాతల పేర్లు, సమాధుల మీద తారీకులు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు గనిలో బండ తీశాను. మావాళ్ళు కోట్‌పల్లి దిక్కున గొర్రెలు కాసేవాళ్ళు. రెండు కరువులు వరసగా వచ్చి మంద సగమైతే నేను తాండూరు దారి పట్టాను.

ఫిబ్రవరిలో ఒక పొద్దున మల్లేశ్వర్ నా కొట్టం దగ్గర బండి ఆపాడు. బండల పనివాళ్ళ సంక్షేమ సంఘానికి కార్యదర్శి. బస్టాండు వెనక సంఘానికి కొత్త హాలు కడుతున్నారు.

"కాకా, నాలుగడుగులకు మూడడుగుల ఫలకం. మంచి నీలి బండ. హాలు ముంగట నిలబెడ్తం. మిషన్‌తోని కొట్టిస్తె గంటల అయిపోతది, కని నీ చేతి అక్షరం ఉండాలె అన్న నేను" అన్నాడు.

చుట్టి తెచ్చిన కాగితం విప్పాడు. కంప్యూటర్‌లో తీసిన పెద్ద అక్షరాలు. కాగితాన్ని బండ మీద అంటించి గీత తీసుకుని చెక్కాలి. నేను రాతను చదవను, అక్షరాన్ని చూస్తాను. ఏ వంపు దగ్గర ఉలి తిప్పాలి, ఒత్తుకు చోటు సరిపోతుందా, అదీ నా లెక్క. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు కొడతాను. తప్పుంటే ఇచ్చినవాళ్ళదే. కానీ ఆ రోజు చదివాను.

"పూర్వం పరశురాముడు తన పరశువుతో ఈ గుట్టలను చీల్చగా బల్లపరుపు రాళ్ళు బయటపడినవి. కావున వీటికి పరశు బండ అని పేరు వచ్చి, కాలక్రమేణా పర్శి బండగా మారినదని పెద్దలు చెప్పుదురు."

"ఏ పెద్దలు?" అన్నాను.

"అందరు పెద్దలే కాకా. వాట్సాప్‌ల రాలే నీకు? వికారాబాద్ గ్రూపుల్ల, హైదరాబాద్ గ్రూపుల్ల, మస్తు తిరిగింది. పేపర్ల కూడ పడ్డది." ఫోన్ తీసి చూపించాడు. గొడ్డలి పట్టుకున్న మునీశ్వరుడి బొమ్మ, పక్కన మన గని బొమ్మ, కింద దండం పెట్టే చేతులు ఆరు. "ఇంత చరిత్ర ఉన్న ఊరు మనది. మనకే తెల్వకపాయె."

కాగితం పెట్టి పొమ్మన్నాను. అతను పోయాక కూడా నా కళ్ళు ఆ 'కాలక్రమేణా' దగ్గరే ఆగిపోయాయి. ఏ కాలం? ఏ క్రమం? పరశును పర్శి చేసినవాడు ఎవడు, ఏ ఏడు చేశాడు, ఎవరి నోట మారింది? ఒక్క మాట అడ్డం పెట్టి వెయ్యేళ్ళు దాటేశాడు. మేము గనిలో ఒక పొర దాటాలంటే నాలుగు రోజులు పట్టేది.

అదే వారం కరుణ వచ్చింది. వికారాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది. ఈ జిల్లా పనివాళ్ళ మాటలన్నీ పోగేసి నిఘంటువు చేస్తోంది. ఆమె సంచీలో ఎప్పుడూ అట్టచీటీలు ఉంటాయి. ఒక్కో చీటీ మీద ఒక్క మాట. ఆ మాట ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో, ఏ తారీకున, ఏ వస్తువును చూపించి చెప్పారు అన్నీ రాస్తుంది. గొర్రెల మాటల కోసం అంతకు ముందు నా దగ్గరకు రెండుసార్లు వచ్చింది.

ఆ వేళకు ముర్తుజా నా కొట్టంలోనే ఉన్నాడు. గనిలో నాకు జోడీ. నేను సమ్మెట కొడితే అతను గడ్డపార పట్టేవాడు. ఇప్పుడు మోకాళ్ళు పోయి, రోజూ శాంతవ్వ హోటలు నుంచి చాయ తెప్పించి నా పక్కన కూర్చుంటాడు.

కరుణ మల్లేశ్వర్ కాగితం చదివింది. ముఖం ఎర్రబడింది.

"దీన్ని రాతి మీద కొడ్తవా పెద్దయ్యా?"

"ఇచ్చిండు. చూస్తున్న."

"తప్పు, తప్పు!" అని ముర్తుజా అందుకున్నాడు. "పరశురాముడు గాదు, ఎవడు గాదు. పార్సీలు. బొంబాయి నుంచి రైలు పట్టాలు వేసెతందుకు పార్సీ సేట్లు వచ్చిండ్రు. వాళ్ళు తీయించిన బండ కాబట్టి పార్సీ బండ. మా దాదా చెప్పిండు నాకు."

కరుణ చాయ గ్లాసు కింద పెట్టింది. "ముర్తుజా చాచా, ఇంట్ల మీరు ఇప్పుడు దేని మీద కూసుంటరు, కుర్చీ లేకుంటె?"

"ఫర్ష్ మీద."

"ఫర్ష్ అంటే?"

"ఫర్ష్ అంటే ఫర్షే. కింద పరిచేది. నేల." వంగి కాళ్ళ కింది బండను చూశాడు. "అరే. ఫర్షీ. నేలకు పరిచేది. అరే, డెబ్బై ఏండ్ల సంది నా నోట్లనే ఉన్నది గదా ఇది!"

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"నేను గూడ తప్పు పడ్డ" అంది కరుణ. "పరుచు నుంచి పర్శి వచ్చింది, అచ్చ తెలుగు మాట అని చీటీ మీద రాసుకొని రెండు నెలలు మురిసిన. అర్థం కుదిరింది, చప్పుడు కుదిరింది. ఇంకేం గావాలె? అక్కడనే మోసపోతం. చప్పుడు కలిస్తె చుట్టమనుకుంటం."

"మరి ఎట్ల తెలిసింది కాదని?" అన్నాను.

"పరుచు నుంచి మనకు పరుపు వస్తది. ఎక్కడన్న శి చేర్చి మాట చేసిండ్రా? ఒక్కటి గూడ దొరకలే. ఇంకోటి, మరాఠీ వాళ్ళు దీన్ని ఫరశీ అంటరు. సరిహద్దు దాటి కన్నడం దిక్కు పోతె వాళ్ళూ అదే మాట అంటరు. మన పరుచు అక్కడికి పోయి ఫ ఎట్ల అయితది? కని ఫ మన దగ్గరికి వస్తె ప అయితది. ఒక్కసారి గాదు, ప్రతిసారి. ఫసలు పసలు అయింది, సాఫ్ సాపు అయింది, దఫా దపా అయింది. మాట ఇష్టమొచ్చినట్టు మారదు పెద్దయ్యా, దారి ఉంటది. ఆ దారిల ఇంకో నాలుగు మాటలు నడిచి పోయినయా లేదా చూడాలె."

నేను అప్పుడు ఒక సంగతి చెప్పాను. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. గనిలో మేము పర్శి అనం. నేలలో ఉన్నంతసేపు బండ. ఒకదాని మీద ఒకటి ఉంటే పొర. పైకి తీసి, కొలతకు కోసి, ఇంట్లో పరిచేదానికి పనికొచ్చాకనే అది పర్శి. అదే బండను గోడకు నిలబెడితే మళ్ళీ బండే. కడప రాయి తెచ్చి పరిచినా మా ముసలివాళ్ళు పర్శి అనే అంటారు. ఇప్పుడు టైల్స్ వేసిన ఇంట్లోకి పోయి మా ఆవిడ జంగమ్మ "పర్శి జారుతున్నది" అంటుంది.

కరుణ కొత్త చీటీ తీసింది. "ఇంకోసారి చెప్పు" అంది. చెప్పాను. రాసింది. తారీకు వేసింది.

"పరశురాముడు గుట్టను చీల్చినందుకు పేరొస్తె ఆ పేరు గుట్టకుండాలె, గనిల ఉండాలె" అంది. "మాట గనిల లేదు. కాళ్ళ కింద ఉన్నది. పుస్తకంల ఎంత వెతికినా ఇది దొరకదు నాకు."

అప్పటి నుంచి నాకు లోపల మంట మొదలైంది. మా చేతుల్లో, మా కాళ్ళ కింద ఉన్న మాట. దాని గురించి మమ్మల్ని ఒక్కడు అడగకుండా గొడ్డలి బొమ్మ పెట్టి ఊరంతా తిప్పారు. పైగా నా ఉలితోనే కొట్టమంటున్నారు!

"ఇంకా పాత సాక్ష్యం కావాలె" అంది కరుణ. "వికారాబాద్‌ల ఒక పాత బంగళా వెనక బావి ఉన్నది. దాని గోడకు ఉర్దూ రాత ఉన్నదంటున్నరు. చాచా చదవాలె, నువ్వు రాయి చూడాలె."

మరుసటి రోజు ముగ్గురం బస్సెక్కి పోయాం. బావి గట్టు సగం కూలింది. తుమ్మకంపలు తొలగిస్తే చిన్న ఫలకం కనిపించింది. అక్షరాలు లోపలికి చెక్కినవి కావు. చుట్టూ రాయి తొలిచి అక్షరాన్ని పైకి నిలబెట్టారు. మంచి చెయ్యి. ముర్తుజా కళ్ళద్దాలు తుడుచుకుని, వేలితో తడుముతూ చదివాడు. ఫలానా సాహెబు బావి చుట్టూ రాతి ఫర్ష్ వేయించాడని, సన్ 1326 ఫసలీ అని ఉందట.

"ఫసలీ అంటె నిజాం కాలపు లెక్క, ఐదు వందల తొంభై కలిపితె పందొమ్మిది వందల పదహారు, పదిహేడు" అంది కరుణ. వెంటనే నా వైపు తిరిగింది. "పెద్దయ్యా, ఇది అప్పుడే కొట్టిందా? తర్వాత ఎవరన్న కొట్టి పాత తారీకు వేసిండ్రా?"

ఆ ప్రశ్న నాకు నచ్చింది. రాయి తడిపి చూశాను. కొత్తగా కొట్టిన గాడి లోపల తెల్లగా ఉంటుంది. యాభై ఏళ్ళయినా పైచర్మానికీ లోపలికీ రంగు తేడా పోదు. ఇక్కడ లోపలా పైనా ఒకటే నలుపు, ఒకటే నాచు. అంచులు కూడా ఒకేలా అరిగాయి.

"పాతదే" అన్నాను.

"సేట్ల పేరేం లేదు" అన్నాడు ముర్తుజా, కొంచెం దిగులుగా. "మా దాదా అబద్ధమాడిండంటవా?"

"అబద్ధం గాదు చాచా. ఆయనకు ఎవరో చెప్పిండ్రు. ఆయన నమ్మిండు. బొంబాయి సేట్ల బండ అంటె ఎంత ఇజ్జత్! వట్టి నేల అంటె ఏముంది?"

అక్కడి నుంచి కరుణ మమ్మల్ని లైబ్రరీకి తీసుకుపోయింది. ఇప్పుడు మాటను కాదు, కథను వెతకాలి అంది. కథకూ పుట్టిన రోజు ఉంటుందట. ఎవరు ఎవరి నుంచి ఎత్తి రాశారో ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ పోవాలి. ఆమె అప్పటికే కొంత దిగింది. వాట్సాప్ రాత రెండేళ్ళ కిందటిది. అందులోని వాక్యాలు, ఒక అచ్చుతప్పుతో సహా, పదమూడేళ్ళ కిందటి పేపరు జిల్లా పేజీ నుంచి వచ్చాయి. పేపరువాడు తీసుకున్నది ఒక వ్యాపార సంఘం రజతోత్సవ సంచిక నుంచి. ఆ సంచిక 1986లో అచ్చైంది. దానికి ముందు ఏ కాగితంలోనూ పరశురాముడు లేడు. పర్శి ఉంది. పందొమ్మిది వందల యాభైల నాటి కరపత్రంలో పర్శి బండలు అమ్మబడును అని ఉంది. మునిగారు లేరు.

"మాట ముందు పుట్టింది, కథ తర్వాత పుట్టింది. అంతే" అంది. సంచిక నా ముందు తెరిచింది. "ఇక్కడ గని కార్మికులలో తరతరాలుగా ప్రచారంలో ఉన్న గాథ అని రాసిండు. ఎవరా కార్మికులు? పేరు రాయలే. ఫోటో ఉన్నది."

ఫోటో చూశాను. మసిబారిన అచ్చు. తలకు తువాల చుట్టుకుని, సమ్మెట మీద చెయ్యి పెట్టి నవ్వుతున్న మనిషి. కింద "గాథను వినిపించిన కార్మికుడు" అని ఉంది.

ముర్తుజా వంగి చూశాడు. ఒకసారి ఫోటోను, ఒకసారి నన్ను. "అరే బిచ్చయ్యా, నువ్వే గదా ఇది!" అన్నాడు.

నాకు ఆ రోజు గుర్తుకొచ్చింది.

1986 ఎండాకాలం. ప్యాంటూ బూట్లూ వేసుకున్న ఒకాయన గనికి వచ్చాడు. సంచికకు రాయాలన్నాడు. మేస్త్రీ మమ్మల్ని పిలిచి నిలబెట్టాడు. దీన్ని పర్శి అని ఎందుకంటారు అని అడిగాడు ఆయన. తెలియదన్నాను. ఏదో ఒకటి ఉంటుంది కదా, మీ పెద్దలు ఏదో చెప్పి ఉంటారు కదా, అని వదల్లేదు. ఎండ మాడ్చేస్తోంది, పొద్దటి కోటా సగం కాలేదు. మూడు రోజుల కిందట చిందు భాగోతం ఆడే చిందోళ్ళు మా వాడలో పరశురాముడి తల్లి ఎల్లమ్మ కథ ఆడారు. పరశురాముడి వేషం కట్టినవాడు అట్ట గొడ్డలి ఊపుతూ అరుగు మీద నుంచి దూకితే గొడ్డలి విరిగింది. అందరం పడి పడి నవ్వాం. అదే నాలుక మీదికి వచ్చింది. "పరశురాముడు గొడ్డలి పెట్టి నరికిండేమో సారు, అందుకే పర్శి" అన్నాను. గనిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన మాత్రం రాసుకున్నాడు. ఫోటో తీశాడు. నేను సమ్మెట ఎత్తాను.

తరతరాలు అంటే అది. ఆ నిమిషం.

"నేనే" అన్నాను కరుణతో. "ఎవడో వెధవ అనుకున్న. నేనే."

ఆమె నన్ను ఓదార్చలేదు. కొత్త చీటీ తీసింది. ఏ ఏడు, ఏ నెల, ఏ గని, పక్కన ఎవరున్నారు, ఆయన ఎట్లా అడిగాడు, నేను ఏ మాటలతో చెప్పాను, అన్నీ అడిగి రాసింది. ముర్తుజాను కూడా అడిగింది. నవ్విన వాళ్ళలో అతనూ ఉన్నాడు. తర్వాత అంది, "నువ్వు 'ఏమో' అన్నవు పెద్దయ్యా. సంచికల 'ఏమో' లేదు. అక్కడ పోయింది అది. మిగిలినోళ్ళు అది వెతకలే. వింటె బాగున్నది, ఊరికి గొప్పగున్నది, ఒక్క ముక్కల చెప్పొచ్చు. నిజానికేమో ఇన్ని చీటీలు విప్పాలె. ఎవరిష్టపడ్తరు?"

"నేను చెప్త" అన్నాను. "ఆదివారం సంఘం మీటింగుల నేనే చెప్త. నేను పెట్టిన మంట నేనే ఆర్పుత."

ఆదివారం పొద్దున కొత్త హాల్లో నలభై మంది. కిటికీలకు ఇంకా చెక్కలు పెట్టలేదు. నేను లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎండ, బూట్ల సారు, విరిగిన గొడ్డలి, నవ్వులాట. గనిలో పర్శి అనమని కూడా చెప్పాను. నా జీవితంలో అంతసేపు ఎన్నడూ మాట్లాడలేదు. కరుణ చీటీలు చూపించింది. ముర్తుజా బావి రాత చెప్పాడు.

మల్లేశ్వర్ విన్నాడు. అతని ముఖం దిగులు పడుతుందనుకున్నాను. వెలిగింది!

"అంటే 1986 ఫోటో నీదేనా కాకా? పెద్దలు ఎవరు, ఎవరు అని అడుగుతున్నరు నన్ను. పెద్ద మన మధ్యనే ఉన్నడు!"

"నవ్వులాటకు అన్న మల్లేశూ."

"నవ్వులాటకే అనుకో. నోటికి ఎట్లొచ్చింది? నీ చిన్నప్పుడు ఎవరో చెప్పకుంటె రాదు గదా. మీ తాత చెప్పిండు, నువ్వు మర్చినవ్."

"మా తాత గొర్రెలు కాసిండు. ఆయనకు పర్శి అన్న మాటనే తెల్వదు. చిందోళ్ళ ఆట చూసి అన్న."

"ఆఁ, అదే! చిందోళ్ళ ఆట ఎన్ని వందల ఏండ్లది? అంటె కథ ఇంకా పాతదన్నట్టు."

నలుగురు చప్పట్లు కొట్టారు. నా కథను నేను చంపుదామని పోతే అది నా భుజం మీద ఎక్కి కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "చెప్పినోణ్ణి నేను! అబద్ధమని నేనే అంటుంటె మీకేం రోగం?" అని అరిచాను. వెనక వరసలో ఎవరో "పెద్దమనిషికి యాది తప్పుతున్నది పాపం" అన్నారు. అది కూడా వినబడింది.

ఇంకొకడు లేచాడు. "మేడం, పరశురాముడు రాలేదని మీరు సాబిత్ చేస్తరా?"

"నేనెందుకు చెయ్యాలె?" అంది కరుణ. "పరశు బండ అన్న మాట ఒక్క పాత కాగితంల చూపియ్యి. పరశు నుంచి పర్శి అయ్యే నడుమ ఒక్క మెట్టు చూపియ్యి. దాని కోసం ఒక చీటీ ఖాళీగ పెట్టుకొని తిరుగుతున్న. చూపిస్తె ఇక్కడనే రాసుకుంట."

"మన దేవుని మాటను తీసి తురక మాట చేస్తున్నరు. అసలు సంగతి అది" అన్నాడు అతను.

ముర్తుజా కర్ర పట్టుకుని లేచాడు. "నీ కొడుకు స్కూలు ఫీజు మాఫ్ కావాలని దరఖాస్తు పెట్టినవ్ మొన్న. ఫీజు ఎవరి మాట? మాఫ్ ఎవరి మాట? దరఖాస్తు ఎవరి మాట? నేను ఇదే గల్లీల పుట్టిన, నీ అయ్యతోని బండ మోసిన. మాట ఎక్కడ్నించన్న రానీ, పరిచిన చెయ్యి మనది. అది చాలదా నీకు? గొడ్డలి గూడ కావాల్నా?"

మల్లేశ్వర్ పెన్ను తీసి కాగితం మీద 'మారినదని పెద్దలు చెప్పుదురు'ను 'మారినది' చేసి, మొదట్లో 'వయోవృద్ధ శిల్పి శ్రీ బిచ్చయ్య గారు చెప్పిన ప్రకారం' అని రాసి చదివి వినిపించాడు. మళ్ళీ చప్పట్లు.

"నేను కొట్టను" అన్నాను.

"కాకా, కోపం జేయకు. నీకే పేరు."

"నేను కొట్టను."

మిషన్‌తో కొట్టించారు. మార్చి నెలాఖరున నిలబెట్టారు. బంతిపూల దండ, కొబ్బరికాయ, శాలువా. శాలువా నాకట. పోలేదు. కరుణ సంఘానికి ఉత్తరం రాసింది, పేపరుకు రాసింది. పేపరువాళ్ళు వేశారు, కింద మూలన, అగ్గిపెట్టెంత. ఆ వారమే పిల్లలను బస్సులో తెచ్చి ఫలకం ముందు ఫోటోలు తీసుకుపోయారని శాంతవ్వ చెప్పింది. ఆమె హోటలు దానికి ఎదురుగానే.

నాకు అన్నం సహించలేదు. కథ వాళ్ళది, బండ వాళ్ళది, హాలు వాళ్ళది. పోనీ. కానీ ఆ రాతి మీద నేను సాక్షినని ఉంది. నేను కాదన్న మాటకు నన్నే సాక్షి పెట్టారు. రేపు నేను పోతాను. కరుణ లాంటిది ఇంకొకతె వందేళ్ళకు వచ్చి రాయి తడిపి చూస్తుంది. పాతదే, అప్పుడే కొట్టిందే అంటుంది. పేరు కూడా ఉంది అంటుంది. రాసుకుంటుంది. అప్పుడు ఎవరు చెప్పాలి దానికి?

సోమవారం పొద్దున పది గంటలకు ఉలి, సుత్తి తీసుకుని పోయాను. ఎండ బాగా ఉంది. దాచేదేమీ లేదు. ఫలకం ముందు గోనె పరుచుకుని కూర్చుని మొదలుపెట్టాను. మిషన్ అక్షరం లోతు ఉండదు. 'వయోవృద్ధ' దగ్గర మొదలుపెట్టి 'ప్రకారం' దాకా తొలిచాను. మిగతా కథ జోలికి పోలేదు. అది నాది కాదు. నిజానికి మొదట నాదే. అయినా వాళ్ళు లాక్కున్నారు, ఉంచుకోనీ.

చప్పుడుకు జనం చేరారు. మల్లేశ్వర్ పరుగెత్తుకొచ్చాడు.

"కాకా, ఇదేం పని! సంఘం ఆస్తి ఇది!"

"నా పేరు సంఘం ఆస్తి గాదు."

"పోలీసులను పిలుస్త."

"పిలువు. వాళ్ళకూ చెప్త, 1986 సంగతి. రాసుకునేటోడు ఇంకొకడు దొరుకుతడు."

పిలవలేదు. ముర్తుజా వచ్చి నా పక్కన కర్ర ఆనించి కూర్చున్నాడు, ఒక గంట. శాంతవ్వ రెండు చాయలు పంపింది. పని అయిపోయాక మూరెడు పొడుగు, బెత్తెడు వెడల్పు తెల్లటి గుంట మిగిలింది. గోనె దులుపుకుని వచ్చేశాను.

కరుణ నిఘంటువు చీటీలో ఇప్పుడు రెండు భాగాలున్నాయి. ఒకటి పర్శి: ఫర్షీ నుంచి, నేలకు పరిచేది అని. బావి రాత, కరపత్రం, గనిలో అనరన్న నా మాట, మూడూ తారీకులతో. రెండోది పరశురాముడి కథ: 1986 ఎండాకాలంలో ఫలానా గనిలో బిచ్చయ్య అనే కార్మికుడు పరాచికానికి అన్నది అని. నా వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను. అచ్చుకు ఇంకో ఏడాది పడుతుందట. ఎందరు చదువుతారో తెలియదు.

మే నెలలో శాంతవ్వ హోటలు దగ్గర చాయ తాగుతున్నాను. హైదరాబాద్ కారు ఒకటి ఆగింది. మొగుడూ పెళ్ళామూ దిగి ఫలకం చూస్తున్నారు. సంఘం వాచ్‌మన్ వాళ్ళకు వివరిస్తున్నాడు. గుంట మీద చెయ్యి పెట్టి, "ఇది చూడుండ్రి సారు. పరశురాముని గొడ్డలి గాటు. అది ఉన్న బండనే ఏరి తెచ్చి దీని మీద రాయించిండ్రు" అన్నాడు. ఆమె వంగి దండం పెట్టింది. ఆయన ఫోటో తీశాడు.

చాయ గ్లాసు నా చేతిలోంచి జారి పడింది. శాంతవ్వ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "బిచ్చయ్యా, నువ్వెంత చెక్కితె అంత పెరుగుతున్నది గదనే!"

గ్లాసు ముక్కలు ఏరి పక్కన పడేశాను. కొట్టానికి పోయి సన్న ఉలి తెచ్చాను. కారు ఇంకా అక్కడే ఉంది. వాళ్ళు చూస్తుండగానే, ఎవరితోనూ ఏమీ అనకుండా గోనె పరిచి కూర్చున్నాను. గుంట లోపల, ఎడమ అంచున, అంకెలు కొట్టడం మొదలుపెట్టాను. గుంట తవ్విన తారీకు. నెల, సంవత్సరం.

"ఏం చేస్తున్నరు తాతా?" అని ఆయన అడిగాడు.

"ఇది నేను తవ్విన. ఎప్పుడు తవ్విన్నో రాస్తున్న" అన్నాను.

ఆయన పెళ్ళాన్ని చూసి నవ్వాడు. నమ్మలేదు. నమ్మకపోనీ. రాయి లోపల ఇంకా తెల్లగా ఉంది. తడిపి చూసేవాళ్ళకు తెలుస్తుంది.